మెరూన్ టీషర్టు మీద తెల్ల అక్షరాలు: 20 వాష్‌ల డైరీ

జూన్ 8

మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి పనులు చూసుకునేవాళ్ల కోసం ఈసారి కూడా టీషర్టులు వేయిస్తున్నాం. 40 పీసులు. మెరూన్ రంగు, ఛాతీకి అడ్డంగా తెల్లగా "మన పండుగ" అని పెద్ద అక్షరాలు, దాని కింద చిన్న అక్షరాల్లో "వినాయక చవితి ఉత్సవ సమితి". బెంగళూరులో ఉన్నా మా టవర్‌లో సగానికి పైగా అనంతపురం, కడప, చిత్తూరు వైపు వాళ్లమే, కాబట్టి అక్షరాలు తెలుగులోనే ఉండాలన్నది అందరి మాట. ఆ బాధ్యత నేను తీసుకున్నాను.

పోయినేడు వేయించినవి మూడోసారి ఉతికేసరికే పగుళ్లు వచ్చి, నెల తిరక్కుండానే అక్షరాలు పొలుసుల్లా రాలిపోయాయి. అప్పుడు మాకు ఇచ్చిన వివరం మొత్తం కలిపి రెండే ముక్కలు: కాటన్ మిక్స్, స్క్రీన్ ప్రింట్. ఎంత కాటన్, ఏ ఇంకు, ఎలా ఉతకాలి అన్నది ఎవరికీ తెలియదు. పక్కింటి వదిన అయితే, "డబ్బు పోతే పోయింది, దేవుడి పని చేసిన గుర్తుగా దాచుకుందామంటే ఏమీ మిగల్లేదు కదా" అని నిజంగా బాధపడింది. అందుకే ఈసారి డబ్బు వసూలు చేసే ముందే ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇవ్వాలనుకుంటున్నాను. గుడ్డ ఏమిటి, ప్రింట్ ఎలా వేశారు, ఉతికితే ఏమవుతుంది అన్న మూడు సంగతులు దాంట్లో ఉండాలి. మూడోది ఎవరినో అడిగి కాదు, నేనే ఉతికి చూసి రాయాలి.

జూన్ 14

చిక్‌పేటలో తిరిగి రెండు రకాల మెరూన్ టీషర్టులు శాంపిల్‌కి తెచ్చాను, రెండూ తిరుప్పూర్ సరుకే. ఒకటి పీసీ, అంటే పాలిస్టర్, కాటన్ కలిపిన నూలుతో అల్లింది. లేబుల్ మీద 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్ అని ఉంది. రెండోది బయోవాష్ చేసిన 100 శాతం కాటన్. బయోవాష్ అంటే ఎంజైముతో గుడ్డ మీది నూగు తీసేయడం, దానివల్ల పైభాగం నున్నగా ఉంటుంది, ప్రింట్ శుభ్రంగా పడుతుంది.

షాపులో జీఎస్ఎం కట్టర్ ఉంటే అడిగి రెండూ చూశాను. అది 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్కని కోస్తుంది, ఆ ముక్క బరువు గ్రాముల్లో ఎంతో చూసి 100తో గుణిస్తే చదరపు మీటరు బరువు వస్తుంది. కాటన్ ముక్క 1.82 గ్రాములు, అంటే 182. పీసీ ముక్క 1.6 గ్రాములు, అంటే 160. ముక్క కోశాక ఆ టీషర్టు పాడైనట్టే కాబట్టి దానికి డబ్బు కట్టాను, మిగిలిన గుడ్డ ప్రింట్ పరీక్షలకి ఎలాగూ పనికొస్తుంది.

ఇంటికొచ్చాక రెండింటి లోపలి కుట్టు దగ్గర నుంచి నాలుగు పోగులు లాగి, స్టీలు ప్లేటు మీద పెట్టి వెలిగించాను. కాటన్ పోగు కాగితంలా కాలి, కాగితం కాలిన వాసనే వచ్చింది, మిగిలిన బూడిద వేలితో నలిపితే పొడి అయిపోయింది. పీసీ పోగు కాలుతూ ముడుచుకుపోయి, చివర నల్లగా గట్టి పూసలా మిగిలింది. ఆ పూస నలగదు, అదే పాలిస్టర్. ఈ పరీక్ష పాలిస్టర్ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది, 35 శాతమా 65 శాతమా అనేది చెప్పలేదు. అది కచ్చితంగా కావాలంటే ల్యాబ్‌లో 75 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కాటన్‌ని కరిగించి, మిగిలిన పాలిస్టర్‌ని తూచాలి. మాకు అంత అవసరం లేదు. 100 శాతం అన్నది నిజంగా 100 శాతమేనా అని తెలిస్తే చాలు, అది తెలిసింది.

మొదట్లో నా మనసు పీసీ మీదే ఉంది. తేలిక, ముడతలు తక్కువ, ధర తక్కువ, వానాకాలంలో త్వరగా ఆరుతుంది.

జూన్ 19

పీణ్యలో స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌కి వెళ్లాను. నడిపే అన్నది హిందూపురం, తెలుగులోనే హాయిగా మాట్లాడుకున్నాం. ఆయన వాడేది ప్లాస్టిసోల్ ఇంకు. ఇది మామూలు రంగులా గాలికి ఆరదు, స్క్రీన్ మీద రోజంతా వదిలేసినా తడిగానే ఉంటుంది. అందులో పీవీసీ రేణువులు ఒక నూనెలాంటి ద్రవంలో తేలుతూ ఉంటాయి. వేడి తగిలితే రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే పొరగా మారతాయి. మామూలు ప్లాస్టిసోల్‌కి దానికి 160 డిగ్రీల దాకా కావాలి, అది కూడా పైన మాత్రమే కాదు, పొర అడుగుదాకా చేరాలి. అన్న దీన్ని "ఇంకు ఉడకడం" అంటారు. నాకు ఆ మాటే నచ్చింది, అన్నం లాంటిదే, పైన ఉడికి అడుగున పలుకుంటే ఉడికినట్టు కాదు.

ముదురు గుడ్డ మీద తెలుపు ఒక్కసారి వేస్తే మెరూన్ కిందనుంచి కనిపిస్తుంది. అందుకని ఒక పొర వేసి, ఫ్లాష్ హీటర్ కింద కొన్ని సెకన్లు అంటుకోకుండా ఆరనిచ్చి, దాని మీదే రెండో పొర వేశారు. తర్వాత టన్నెల్ డ్రయ్యర్ బెల్టు మీద పంపారు. పీసీ టీషర్టు బయటికొచ్చినప్పుడు తెలుపు పాలలా ఉంది. సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

జూన్ 20

పొద్దున లేచి చూస్తే తెల్ల అక్షరాలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఇంకా ఉతకనేలేదు! కిటికీ దగ్గర తెల్ల కాగితం పక్కన పెట్టి చూశాను, అనుమానం లేదు.

జూన్ 22

అన్నకి చూపిస్తే చూడగానే చెప్పారు, "పాలిస్టర్ రంగు ఎక్కింది." దీన్నే డై మైగ్రేషన్ అంటారు. పాలిస్టర్‌కి వేసే రంగు డిస్పర్స్ డై. అది పోగుతో రసాయన బంధం పెట్టుకోదు, వేడిలో పోగు లోపలికి దూరి అక్కడ ఉండిపోతుంది. మళ్లీ అంత వేడి తగిలితే ఆవిరై బయటికి వస్తుంది, పైన ఉన్న ఇంకులోని ద్రవం దాన్ని పీల్చుకుంటుంది. డ్రయ్యర్‌లోనే మొదలై, తర్వాత గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నిదానంగా సాగుతుంది, అందుకే యూనిట్‌లో తెల్లగా కనిపించింది తెల్లవారేసరికి మారింది. ఎరుపు, మెరూన్‌లలో ఇది మరీ ఎక్కువ. కాటన్‌కి సాధారణంగా వేసే రియాక్టివ్ డై పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది కాబట్టి ఆ వేడికి ఆవిరై పైకి రాదు.

"వేడి తగ్గిద్దామా?" అని నేనే అడిగాను. "తగ్గిస్తే గులాబీ రాదు గానీ ఇంకు ఉడకదు, చూడాలంటే చూడండి" అన్నారాయన. చూడాలనే అన్నాను. డ్రయ్యర్ తగ్గించి, అక్షరాల మీద 135 డిగ్రీలు దాటకుండా ఇంకో పీసీ శాంపిల్ వేశారు.

జూన్ 27

ఈ శాంపిల్ నాలుగు రోజులైనా తెల్లగానే ఉంది. వేళ్లతో అక్షరాన్ని అటూ ఇటూ కాస్త సాగదీస్తే సన్నటి గీతలు పడ్డాయి, వదిలితే కలవలేదు. సరిగ్గా ఉడికిన ప్లాస్టిసోల్ రబ్బరులా సాగి వెనక్కి రావాలి. అయినా వాష్ చేసి చూశాను. మొదటిసారి ఏం కాలేదు, రెండోసారి అంచులు గరుకయ్యాయి, మూడోసారి "ండు" మధ్యలో పగులు, గోరు పెడితే పొర లేచి వచ్చింది. లేచిన ముక్క వెనక చూస్తే మెత్తగా, కాస్త జిగటగా ఉంది, గుడ్డని పట్టుకోవాల్సిన అడుగు అలా పచ్చిగానే ఉండిపోయింది.

పోయినేడు మా టీషర్టులు ఎందుకు రాలాయో ఇవాళ నాకు అర్థమైందనిపించింది. అవీ పాలిస్టర్ కలిసినవే (పాత టీషర్టు పోగు కాల్చి చూశాను, పూస కట్టింది), తెలుపు మాత్రం చివరిదాకా తెల్లగానే ఉండింది. రంగు ఎక్కకుండా వేడి తగ్గించి ఉంటారని నా అంచనా. గుడ్డ ఒక విషయం, ప్రింట్ ఇంకో విషయం అని విడివిడిగా రాస్తే కొనేవాళ్లకి ఏమీ తెలియదు. ఈ గుడ్డ మీద ఈ ఇంకు ఎంత వేడికి ఉడికింది అన్న జతే టీషర్టు ఎన్నాళ్లుంటుందో తేల్చేది.

జులై 2

డీటీఎఫ్ కూడా చూడమని మా తమ్ముడు పట్టుబట్టాడు, వాడి ఆఫీసు టీషర్టులన్నీ అవే. ఇందులో బొమ్మని ఒక ఫిల్మ్ మీద రంగు, దాని మీద తెలుపు పొరగా ప్రింట్ చేస్తారు, తడి ఇంకు మీద జిగురు పొడి చల్లి కరిగిస్తారు, తర్వాత ఆ ఫిల్మ్‌ని గుడ్డ మీద పెట్టి హీట్ ప్రెస్‌తో 150, 160 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 సెకన్లు నొక్కి ఫిల్మ్ లాగేస్తారు. స్క్రీన్ చేయించనక్కర్లేదు, ఒక్క పీసైనా వేస్తారు, రంగులెన్నైనా ఖర్చు పెరగదు. ఫొటోలాంటి బొమ్మ వేయించాలంటే నేనూ దీన్నే ఎంచుకుంటాను.

మా పనికి మాత్రం చిక్కు తెలుగు అక్షరాల దగ్గర వచ్చింది. "ప", "స" లాంటి అక్షరాల తలకట్టు కింది భాగానికి అంటుకోదు, విడిగా పైన ఉంటుంది. "ఉత్సవ"లో స ఒత్తు కూడా విడి ముక్కే. చిన్న లైనులో ఆ ముక్కలు ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా లేవు, అంత సన్నటి చోట జిగురు పొడి సరిగ్గా నిలవదు. కాటన్ గుడ్డ మీదే వేయించాను, ఆరో వాష్‌లో "సమితి"లో స తలకట్టు పోయింది, ఎనిమిదోసారికి ఒత్తు అంచు లేచింది. పెద్ద అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. దీన్నిబట్టి డిజైన్ మార్చాను. చిన్న లైను సైజు పెంచి, ఫాంటు లావు చేసి, తలకట్లు, ఒత్తులు ఎక్కడా రెండు మిల్లీమీటర్లకి తగ్గకుండా గీయించాను. ఏ పద్ధతిలో వేసినా ఇది పనికొచ్చే మార్పే.

జులై 5

నిర్ణయం: 182 జీఎస్ఎం కాటన్, ప్లాస్టిసోల్ స్క్రీన్ ప్రింట్, రెండు పొరల తెలుపు. కాటన్ కాబట్టి వేడి విషయంలో భయపడక్కర్లేదు.

ఈసారి ఉడికిందా లేదా అన్నది ఊహ మీద వదల్లేదు. యూనిట్‌లో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ ఇంకు పైభాగం వేడే చూపిస్తుంది. దానికి తోడు, వేడికి రంగు మారే కాగితపు పట్టీని ప్రింట్ పక్కనే గుడ్డకి అంటించి బెల్టు మీద పంపాం. మొదటిసారి గన్ 165 అంది, పట్టీ మాత్రం 149 గడి దగ్గరే ఆగింది. వారమంతా వానలు, కాటన్ గాలిలో చెమ్మ పీల్చుకుని ఉంది, ఆ చెమ్మ ఆవిరయ్యేదాకా గుడ్డ వేడెక్కదు. అన్న బెల్టు వేగం తగ్గించారు. రెండోసారి పట్టీ 160 దాటింది. సాగదీస్తే గీత పడలేదు. అలా రెండు టీషర్టులు వేయించుకుని వచ్చాను, ఒకటి మెషిన్‌కి, ఇంకొకటి రాయికి.

జులై 7 నుంచి 31

రాయి అంటే, మా అమ్మ బట్టలు ఉతికే పద్ధతి. మెషిన్‌లో మాత్రమే పరీక్షిస్తే సగం ఇళ్ల సంగతి వదిలేసినట్టే. బాల్కనీలో బండ మీద, సబ్బు పెట్టి, బ్రష్షు కొట్టి, పిండి ఆరేస్తారు. మెషిన్ టీషర్టుని తిరగేసి, 30 డిగ్రీల్లో, మామూలు పొడితో వేశాను. మాది ఎక్కువగా బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ, కాబట్టి ఒకసారి అదనంగా జాడించాను. ప్రతి వాష్ తర్వాత కిటికీ దగ్గర ఒకే చోట ఫొటో.

వాష్ 1: రెండింటి నీళ్లూ ఎర్రగా వచ్చాయి. పక్కన వేసిన తెల్ల గుడ్డ ముక్క గులాబీ అయింది. కాటన్‌లో రంగు వేశాక పోగుకి అంటని మిగులు ఇలా బయటికి వస్తుంది. అక్షరాలకి మాత్రం ఆ రంగు పట్టలేదు, జాడిస్తే పోయింది. రెండో వాష్‌కి నీళ్ల ఎరుపు బాగా తగ్గింది, నాలుగుకి తేట నీళ్లు.

వాష్ 3: పోయినేడు పగిలింది ఇక్కడే, కాబట్టి భద్రంగా చూశాను. రెండూ బాగున్నాయి.

వాష్ 5: పొడవు కొలిచాను. కొత్తలో 71 సెంటీమీటర్లు, ఇప్పుడు 69. దాదాపు 3 శాతం కుంచించుకుంది. ప్రింట్ కుంచించుకోదు కాబట్టి పెద్ద అక్షరాల చుట్టూ గుడ్డ కొంచెం అలలా ఉంది, తొడుక్కుంటే తెలియదు. ఆ తర్వాత కొలిచినప్పుడల్లా 69 దగ్గరే ఉంది.

వాష్ 9: రాయి టీషర్టులో "ప" అంచు మీద మెరుపు పోయి మసకగా అయింది. బ్రష్షు నేరుగా ప్రింట్ మీద పడుతోంది. అమ్మకి చెబితే, "నీ పరీక్ష కోసం నా చెయ్యి మార్చుకోమంటావా, అందరూ ఉతికేది ఇట్లే" అంది. అది నిజమే కాబట్టి మార్చమనలేదు.

వాష్ 12: ఇస్త్రీ పరీక్ష. పాత శాంపిల్ ముక్క మీద నేరుగా వేడి ఇస్త్రీ పెట్టాను, ఇంకు మెత్తబడి పెట్టె అడుగుకి అంటుకుంది. ఉడికిన ప్లాస్టిసోల్ కూడా వేడికి మళ్లీ మెత్తబడుతుంది. తిరగేసి వెనకనుంచి చేస్తే ఏం కాలేదు.

వాష్ 15: మేడ మీద ఎండలో తిప్పకుండా ఆరేసిన రాయి టీషర్టు భుజాలు కాస్త వెలిసాయి. మెషిన్‌ది తిరగేసి నీడలో ఆరింది, రంగు అలాగే ఉంది.

వాష్ 20: మెషిన్ టీషర్టులో పగులు లేదు, తెలుపు తెల్లగానే ఉంది, చిన్న లైనులో తలకట్లన్నీ ఉన్నాయి. రాయి టీషర్టులో "ప" అంచున రెండు సన్నటి పగుళ్లు, చిన్న లైనులో ఒక ఒత్తు కొస అరిగింది. దూరం నుంచి చదవడానికి ఇబ్బంది లేదు.

ఆగస్టు 2

చీటీ రాశాను. నాలుగుసార్లు కొట్టేసి రాస్తే ఇలా వచ్చింది:

"గుడ్డ: 100 శాతం కాటన్, బయోవాష్, చదరపు మీటరుకి సుమారు 180 గ్రాములు. ఉతికాక పొడవు రెండు సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, బిగుతుగా వేసుకునేవాళ్లు ఒక సైజు పెద్దది చెప్పండి. ప్రింట్: స్క్రీన్ ప్రింట్, ప్లాస్టిసోల్ ఇంకు, తెలుపు రెండు పొరలు, 160 డిగ్రీల వేడికి ఉడికించింది. చేత్తో తాకితే అక్షరం కొంచెం దళసరిగా తెలుస్తుంది, ఆ చోట గాలి ఆడదు. తిరగేసి, 30 డిగ్రీల్లో మెషిన్‌లో ఉతికి చూశాం, 20 సార్లకి పగుళ్లు రాలేదు. బండ మీద బ్రష్షుతో ఉతికినదానికి 20 సార్లకి ఒక అక్షరం అంచున సన్నటి పగుళ్లు వచ్చాయి. మొదటి మూడుసార్లు విడిగా ఉతకండి, రంగు దిగుతుంది. బ్లీచ్ వద్దు. నీడలో తిరగేసి ఆరేయండి. ప్రింట్ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు."

"గ్యారంటీ" అన్న మాట కావాలనే రాయలేదు. 20 దాకా చూశాను, 20 అనే రాశాను. గాలి ఆడదు అన్న వాక్యం తీసేయమని ఒకరిద్దరు అన్నారు, చదివితే కొనరేమో అని. మండపం దగ్గర పొద్దున్నుంచి రాత్రిదాకా వేసుకుని తిరిగేవాళ్లకి అది తెలియాలి కదా, ఉంచేశాను.

ఆగస్టు 9

36 పీసులు ప్రింట్‌కి వెళ్లాయి. పట్టీ ప్రతి పది పీసులకి ఒకటి చొప్పున పెడతామని అన్న ఒప్పుకున్నారు, వాన పడితే మధ్యలో ఇంకొకటి.

మిగిలిన నాలుగూ పిల్లలవి. ఆ సైజుల్లో ఈ మెరూన్ కాటన్‌లో దొరకలేదు, పీసీలోనే ఉంది. పిల్లలకి వేరే రంగు అంటే వాళ్లు ఒప్పుకోరు. అన్న ఒక దారి చెప్పారు: పాలిస్టర్ రంగుని ఆపే గ్రే బ్లాకర్ ఇంకు మొదటి పొరగా వేసి, దాని మీద 130 డిగ్రీల దగ్గరే ఉడికే తక్కువ వేడి తెలుపు వేయడం. మామూలు ఇంకుని తక్కువ వేడిలో వదిలేయడానికి, తక్కువ వేడికే ఉడికేలా చేసిన ఇంకు వాడటానికి చాలా తేడా ఉంది. ఒక శాంపిల్ వేయించాను. సాగదీస్తే గీత పడలేదు, మూడు రోజులైనా గులాబీ రాలేదు.

ఇవాళ్టికి నాలుగు వాష్‌లు అయ్యాయి. ఆ నలుగురి ఇళ్లకి వేరే చీటీ ఇవ్వాలి, దాంట్లో వాష్‌ల సంఖ్య దగ్గర ఇంకా ఖాళీగానే ఉంచాను.